ఇంటి పచ్చళ్ల వ్యాపారం: తయారీయా, సేవా, వర్తకమా?

క్లుప్తంగా: ఒక్కరే యజమానిగా ఉండే సంస్థను పుట్టించే ప్రత్యేక రిజిస్ట్రేషన్ మన దేశంలో లేదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు, ఆహార భద్రత నమోదు, జీఎస్టీ వంటివి ఒక్కొక్కటి ఒక్కో కోణంలో ఆ వ్యాపారాన్ని గుర్తిస్తాయి. ప్రతిచోటా "ఏ పని చేస్తున్నారు?" అనే అడుగుతారు, కానీ జవాబు రాసే పద్ధతి మారుతుంది. ఇంట్లో తయారుచేసి అమ్మేవారు పొరపాటున "వర్తకం" అని రాసుకుంటే, బాకీలు సకాలంలో రాబట్టుకునేందుకు చట్టం ఇచ్చే రక్షణ పోతుంది. వేరే రాష్ట్రానికి కొరియర్‌లో సరుకు పంపేవారికి జీఎస్టీ మినహాయింపు పరిమితి వర్తించదు.

ఆవకాయ, గోంగూర, కారప్పొడులు ఇంట్లో చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకునే వ్యాపారాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెరిగాయి. పెద్ద ఆర్డరు వచ్చినప్పుడో, బ్యాంకు కరెంటు ఖాతాకు కాగితాలు అడిగినప్పుడో రిజిస్ట్రేషన్ మాట మొదలవుతుంది. అప్పుడు హడావుడిగా ఫారం నింపే క్రమంలో ఎక్కువ తప్పులు జరిగేది వ్యాపారం రకం ఎంచుకునే చోటే.

## "సంస్థ" ఎక్కడ పుడుతుంది

కంపెనీకి కంపెనీల చట్టం ఉంది, భాగస్వామ్య సంస్థకు 1932 నాటి చట్టం ఉంది. ఏక యజమాని వ్యాపారానికి అలాంటి చట్టమేదీ లేదు. అమ్మకం మొదలుపెట్టిన రోజే వ్యాపారం మొదలైనట్టు. యజమాని, వ్యాపారం చట్టం దృష్టిలో ఒక్కరే. వ్యాపారానికి వేరే పాన్ రాదు, యజమాని పానే దానిదీ. లాభం యజమాని ఆదాయంలోనే కలుస్తుంది, అప్పు తీరకపోతే బాధ్యత యజమాని సొంత ఆస్తుల దాకా వెళ్తుంది.

ఈ కారణంగానే బ్యాంకు రెండు రుజువులు అడుగుతుంది. సంస్థ పేరుతో ఖాతా తెరవాలంటే ఆ పేరుతో వ్యాపారం నిజంగా నడుస్తోందని చూపే రెండు పత్రాలు ఉండాలన్నది రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధన. ఉద్యమ్ ధ్రువపత్రం, జీఎస్టీ ధ్రువపత్రం, దుకాణాల చట్టం కింద లైసెన్సు, కరెంటు బిల్లు లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. రెండూ దొరకని పరిస్థితి నిజమేనని బ్యాంకు నమ్మితే ఒకదానితో సరిపెట్టే వీలూ ఉంది, అయితే అప్పుడు బ్యాంకు సిబ్బంది స్వయంగా విచారించాలి.

ఇంటి వ్యాపారాల్లో ఇక్కడే తరచూ ఒక చిక్కు వస్తుంది. వ్యాపారం కోడలి పేరున, కరెంటు మీటరు మామగారి పేరున ఉంటాయి. జీఎస్టీ దరఖాస్తులో అయితే ఇంటి యజమాని రాసిచ్చిన సమ్మతి పత్రం, దానితో ఇంటి పన్ను రసీదో కరెంటు బిల్లో జతచేస్తే సరిపోతుంది. ఆ సమ్మతి పత్రాన్ని ముందే రాయించి ఉంచుకుంటే పని ఆగదు.

## ఉద్యమ్ ఫారంలో కీలకమైన గడి

2020 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. అసలు వెబ్‌సైట్ udyamregistration.gov.in ఒక్కటే. దాన్ని పోలిన పేర్లతో వెతుకులాటలో పైన కనిపిస్తూ "ప్రభుత్వ ఫీజు" అని డబ్బు అడిగేవి ప్రైవేటు సైట్లు. కాగితాలేవీ అప్‌లోడ్ చేయనక్కర్లేదు, అంతా స్వయం ప్రకటనే.

మొదట ఆధార్ నంబరు, ఆధార్‌లో ఉన్నట్టే పేరు ఇస్తే ఓటీపీ వస్తుంది. తర్వాత సంస్థ రకంలో ఏక యజమాని అని ఎంచుకుని పాన్ ఇవ్వాలి. చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పాన్‌లో పొడి అక్షరం మాత్రమే ఉన్నా, పెళ్లి తర్వాత ఒకదానిలోనే పేరు మార్చుకున్నా, పుట్టిన తేదీ తేడాగా ఉన్నా పాన్ సరిపోలలేదని చూపిస్తుంది. అలాంటప్పుడు ఫారంతో కుస్తీ పట్టడం వృథా. ముందు ఆ కార్డుల్లో ఒకదాన్ని సరిచేయించుకోవాలి.

ఆపై సంస్థ పేరు, తయారీ చోటు చిరునామా, బ్యాంకు ఖాతా, పని మొదలైన తేదీ, పనిచేసేవారి సంఖ్య అడుగుతుంది. ఇంటి చిరునామానే తయారీ చోటుగా ఇవ్వవచ్చు. అప్పుడు "Major Activity of Unit" అనే గడి వస్తుంది. ప్రధాన పని తయారీయా, సేవా అన్నది అక్కడ తేల్చాలి. దాని కిందనే జాతీయ పారిశ్రామిక వర్గీకరణలోని అయిదంకెల కోడ్ జోడించాలి. ఈ వర్గీకరణ 2008 నాటిది. మొదటి రెండంకెలు పెద్ద విభాగాన్ని చెబుతాయి, తర్వాతి అంకెలు దాన్ని సన్నగా విడదీస్తూ పోతాయి.

ఉదాహరణకు 10 అంటే ఆహార పదార్థాల తయారీ. 103 పండ్లు, కూరగాయలను నిల్వ ఉండేలా చేయడం. 10306 పచ్చళ్లు, చట్నీల తయారీ. వెతికే పెట్టెలో "food" అని కొడితే పొడవాటి జాబితా వచ్చి, అందులో ఏదో ఒకటి నొక్కేస్తారు. "pickle" అని కొడితే నేరుగా ఈ కోడ్ దగ్గరకే వెళ్లవచ్చు. కారప్పొడి, మసాలా పొడులకు 10795, అప్పడాలకు 10796 ఉన్నాయి.

## తేల్చుకునే పద్ధతి

పని ఏ రకమో తెలియాలంటే ఇంట్లోకి వచ్చిన సరుకు, ఇంట్లోంచి బయటికెళ్లే సరుకు ఒకటేనా అని చూడాలి. మామిడికాయలు, ఆవపిండి, కారం, నూనె లోపలికొచ్చి ఆవకాయగా బయటికెళ్తే అది తయారీ. టోకు వ్యాపారి దగ్గర డబ్బాల్లో ఆవకాయ కొని, అరకిలో సీసాల్లో నింపి, సొంత లేబుల్ అంటిస్తే అది తయారీ కాదు. సరుకు మారలేదు, సీసా మారింది. ఆహార భద్రత నమోదులోనూ తిరిగి ప్యాక్ చేసేవారికి వేరే వర్గమే ఉంది.

అమ్మే తీరు కూడా రకాన్ని మారుస్తుంది. ఇడ్లీ పిండి రుబ్బి ప్యాకెట్లలో కిరాణా కొట్లకు వేస్తే 10వ విభాగంలోని తయారీ. అదే పిండితో పొద్దున్నే ఇడ్లీలు వేసి ఇంటి ముందు వేడిగా అమ్మితే 56వ విభాగంలోని ఆహార సేవ. గ్రైండరు ఒకటే, మనిషి ఒకరే, కోడ్ మాత్రం వేరు. కర్రీ పాయింట్ నడిపేవారు "కూరలు వండుతున్నాం కదా" అని తయారీ కోడ్ పెట్టుకోవడం ఇలాంటి పొరపాటే.

కుట్టుపని సంగతి దీనికి భిన్నం. కొలతలు తీసుకుని జాకెట్లు కుట్టడం వినడానికి సేవలా ఉంటుంది, కానీ ఈ వర్గీకరణలో అది దుస్తుల తయారీ కింద 14105గా ఉంది. వాడుక మాటను బట్టి ఊహించకుండా జాబితాలో వెతికి చూడాల్సింది ఇందుకే.

ఒకే నమోదులో ఎన్ని పనులైనా జోడించవచ్చు. ఒక వ్యాపారానికి ఒకటే ఉద్యమ్ నంబరు అన్నది నియమం. కాబట్టి పచ్చళ్లకొకటి, పొడులకొకటి అని రెండోసారి దరఖాస్తు చేయకూడదు. పని పెరిగితే ఉన్న నమోదునే సవరించి కోడ్ చేర్చుకోవాలి.

## "వర్తకం" అని రాస్తే పోయేదేమిటి

చిల్లర, టోకు వర్తకులను 2021 జులైలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల్లో చేర్చారు. వర్గీకరణలో 45, 46, 47 విభాగాలు వారివి. అయితే వారికి దక్కిన ప్రయోజనం ఒక్కటే: బ్యాంకులు ఇచ్చే రుణం ప్రాధాన్య రంగం కింద లెక్కకొస్తుంది. మిగతా ప్రయోజనాలు తయారీదారులకు, సేవలు అందించేవారికే.

ఆ మిగతావాటిలో ముఖ్యమైనది బాకీల రక్షణ. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ నుంచి సరుకు తీసుకున్నవారు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే అందులో చెప్పిన గడువులో డబ్బు ఇవ్వాలి. ఆ గడువు 45 రోజులకు మించకూడదు. ఒప్పందంలో 90 రోజులని రాసుకున్నా చట్టం ముందు 45 రోజులే చెల్లుతాయి. దాటితే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి.

గుంటూరులోని ఒక ఇంటి వ్యాపారం ఊహించుకుందాం. ఒక సూపర్‌మార్కెట్‌కు 60,000 రూపాయల పచ్చళ్లు వేశారు, గడువు 45 రోజులు. డబ్బు వచ్చింది 105వ రోజున, అంటే రెండు నెలల ఆలస్యం. బ్యాంకు రేటు 5.5 శాతం అనుకుంటే వడ్డీ ఏడాదికి 16.5 శాతం, నెలకు 1.375 శాతం. రెండు నెలలకు 1,661 రూపాయలు అవుతుంది. మొత్తం చిన్నదే. కానీ ఈ హక్కు ఉందని తెలిస్తేనే కొనుగోలుదారు బిల్లును పక్కన పెట్టడు. పైగా 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన ఆదాయపు పన్ను నియమం కొనుగోలుదారు మీద మరో ఒత్తిడి తెచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఈ గడువులోపు కట్టని సొమ్మును ఆ ఏడాది ఖర్చుగా చూపలేరు, చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి.

డబ్బు రాకపోతే ఎంఎస్ఎంఈ మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడి నుంచి అది ఇలాంటి బాకీ వివాదాలను తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. అక్కడ అవతలి పక్షం సాధారణంగా పట్టుకునే మొదటి పాయింటు: ధ్రువపత్రంలో ఏముంది? 47 మొదలయ్యే కోడ్ ఒక్కటే ఉంటే "వీరు వర్తకులు, ఈ రక్షణ వీరికి లేదు" అంటారు. రెండో పాయింటు: సరుకు ఇచ్చిన రోజుకు నమోదు ఉందా? బాకీ పడ్డాక తీసుకున్న నమోదుతో పాత బిల్లులకు రక్షణ కోరడం వివాదంలో పడే వ్యవహారం. సంస్థలకు అప్పు మీద సరుకు వేయాలనుకునేవారు మొదటి బిల్లు కంటే ముందే నమోదు పూర్తిచేయాలి, బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయాలి.

వర్తకం అని ఎందుకు రాస్తారంటే, ఫారం నింపిపెట్టేవారు "ఆన్‌లైన్‌లో అమ్ముతారా?" అని అడిగి, అవునంటే 47912, అంటే ఇంటర్నెట్ ద్వారా చిల్లర అమ్మకం అన్న కోడ్ పెట్టేస్తారు. తానే తయారుచేసిన సరుకును తానే అమ్ముకోవడం తయారీలో భాగమే. అమ్మే దారి వాట్సాప్ అయినంత మాత్రాన తయారీదారు వర్తకుడు కాడు.

## సూక్ష్మమా, చిన్నదా అన్న లెక్క

ఇంటి వ్యాపారానికి ఇక్కడ పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి యంత్రాల మీద పెట్టుబడి 2.5 కోట్లు, ఏడాది టర్నోవరు 10 కోట్ల లోపు ఉంటే సూక్ష్మ సంస్థే. పెట్టుబడిలో ఇంటి విలువ, బీరువాలు, అల్మరాలు కలపకూడదు. గ్రైండరు, పొడి మర, కాటా, సీలింగ్ యంత్రం వంటివే లెక్క. కొత్త సంస్థ అయితే కొన్న ధరలో జీఎస్టీ తీసేసి చూపాలి. మొదటి ఆదాయపు పన్ను రిటర్ను వేసేదాకా స్వయం ప్రకటన చెల్లుతుంది, ఆ తర్వాత అంకెలు రిటర్నుల నుంచే వచ్చి చేరతాయి.

## ఆహార భద్రత నమోదులో మరో రకం విభజన

పచ్చడి వ్యాపారానికి ఉద్యమ్ ఐచ్ఛికమే, ఆహార భద్రత నమోదు మాత్రం తప్పనిసరి. దరఖాస్తు foscos.fssai.gov.in లో చేయాలి. 2011 నిబంధనలు చిన్న ఆహార వ్యాపారానికి మొదట పెట్టిన హద్దు ఏడాదికి 12 లక్షల టర్నోవరు, తయారీ అయితే రోజుకు 100 కిలోల సామర్థ్యం. అమల్లో ఉన్న హద్దు దాటితే నమోదు చాలదు, లైసెన్సు తీసుకోవాలి. ఇలాంటి పరిమితులను సవరిస్తూ ఉంటారు కాబట్టి దరఖాస్తు చేసే రోజున ఆ సైట్‌లో చూపేదే ప్రమాణంగా తీసుకోవాలి.

ఇక్కడ వర్గం ఎంచుకోవడంలో జరిగే తప్పు వేరు. కూరగాయల పచ్చళ్లకు నమోదు తీసుకుని, గిరాకీ ఉందని చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి అదే నంబరు మీద అమ్ముతుంటారు. ఆహార వర్గాల్లో పండ్లు, కూరగాయల ఉత్పత్తులు 4వది, మాంసం ఉత్పత్తులు 8వది, చేపలు, రొయ్యల వంటివి 9వది. చెడిపోయే తీరు, ప్రమాదం, పరిశుభ్రత షరతులు ఒక్కోదానికి ఒక్కో తీరుగా ఉండడమే ఈ విభజనకు కారణం. ఉప్పు, పులుపు ఎక్కువగా ఉన్న ఆవకాయలో సూక్ష్మజీవులు అంత తేలిగ్గా పెరగవు. తేమ పూర్తిగా పోని మాంసం ముక్కల సంగతి అలా కాదు. కాబట్టి మాంసాహార పచ్చళ్లు మొదలుపెట్టేముందు నమోదులో ఆ వర్గం చేర్చుకోవాలి.

నమోదైతే 14 అంకెల నంబరు వస్తుంది. మొదటి అంకె 2 అయితే అది నమోదు, 1 అయితే లైసెన్సు. ఈ నంబరు సీసా లేబుల్ మీద ఉండాలి. పక్క వీధి వాళ్ల నంబరు అడిగి అంటించుకునేవారికి ఇది ప్రమాదమే, ఎందుకంటే సైట్‌లో కొట్టగానే ఏ పేరు, ఏ చిరునామా అన్నది తెలిసిపోతుంది.

## గుంటూరు నుంచి హైదరాబాద్‌కు ఒక పార్సిల్

జీఎస్టీలో వస్తువులా, సేవలా అన్నదొకటి, రాష్ట్రం దాటుతోందా అన్నదొకటి చూస్తారు. వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. తెలంగాణ ఈ పెంపును తీసుకోలేదు, అక్కడ వస్తువులకూ 20 లక్షలే. సేవలకు రెండుచోట్లా 20 లక్షలు. పచ్చళ్లు వస్తువు, కర్రీ పాయింట్ సేవ.

అయితే వస్తువులకు ఈ మినహాయింపు రాష్ట్రం లోపల అమ్మకాలకే. పన్ను వర్తించే వస్తువులను వేరే రాష్ట్రానికి పంపేవారికి మొదటి రూపాయి నుంచే నమోదు తప్పనిసరి అంటుంది జీఎస్టీ చట్టంలోని 24వ సెక్షన్. 2014కు ముందు గుంటూరు నుంచి హైదరాబాద్‌కు పార్సిల్ రాష్ట్రం లోపలి వ్యవహారం. ఇప్పుడది అంతర్రాష్ట్ర సరఫరా. ఏడాదికి మూడు లక్షల అమ్మకం కూడా లేని వ్యాపారం, హైదరాబాద్‌లోని కొనుగోలుదారుకు రెండు కిలోల గోంగూర కొరియర్ చేస్తే ఈ నియమం కిందికి వస్తుంది. ఈ విషయం ఎక్కువమందికి తెలియనిది, కానీ కొరియర్ రసీదులు, యూపీఐ చెల్లింపులు దీనికి ఆనవాళ్లుగా మిగిలిపోతాయి.

ఒక శాతం పన్నుతో సరిపోయే కాంపోజిషన్ పథకం ఇక్కడ ఆదుకోదు. అందులో ఉన్నవారు వేరే రాష్ట్రానికి వస్తువులు అమ్మకూడదు. మామూలు నమోదే తీసుకుని రిటర్నులు వేయాలి. ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెప్పేవారికి, డిజైన్లు గీసిచ్చేవారికి ఈ ఇబ్బంది లేదు. సేవలు వేరే రాష్ట్రానికి అందించినా 20 లక్షల దాకా మినహాయింపు ఉంది. ఈ తేడా చూశాకైనా "వస్తువా, సేవా" అన్న ప్రశ్నను ఫారంలో ఒక గడిగా తీసిపారేయకూడదని అర్థమవుతుంది.

## మూడు పనులున్న ఇంటి లెక్క

మళ్లీ గుంటూరు ఉదాహరణకే వద్దాం. ఏడాదికి 9 లక్షల అమ్మకంలో 6 లక్షలు పచ్చళ్లు, 1.8 లక్షలు కారప్పొడులు. మిగతా 1.2 లక్షలు ఆత్రేయపురం నుంచి తెప్పించి అమ్మే పూతరేకులు. యంత్రాల విలువ, జీఎస్టీ కాకుండా, 65,000.

ఉద్యమ్‌లో ప్రధాన పని తయారీ. మొదటి కోడ్ 10306, రెండోది 10795. పూతరేకుల కోసం 47వ విభాగంలోని చిల్లర అమ్మకం కోడ్ అదనంగా చేర్చవచ్చు, దాన్ని ప్రధానంగా పెట్టకూడదు. సూపర్‌మార్కెట్‌కు పచ్చళ్లు, పూతరేకులు కలిపి వేస్తే వాటికి వేర్వేరు బిల్లులు రాయడం మేలు. బాకీ పడితే పచ్చళ్ల బిల్లుకు 45 రోజుల రక్షణ అడగవచ్చు, కొని తెచ్చి అమ్మిన పూతరేకులకు అడగలేరు. రెండూ ఒకే బిల్లులో ఉంటే వాదన చిక్కుపడుతుంది.

ఆహార భద్రత నమోదులో పచ్చళ్లు, పొడుల తయారీతో పాటు పూతరేకుల చిల్లర అమ్మకం కూడా చూపాలి. పూతరేకుల పెట్టె మీద ఉండాల్సింది ఆత్రేయపురంలో వాటిని చేసినవారి వివరాలు, నంబరు. వాటి మీద తయారీదారుగా సొంత పేరు వేసుకోకూడదు. అమ్మకాలు ఆంధ్రప్రదేశ్ లోపలే ఉంటే జీఎస్టీ నమోదు అవసరం లేదు. హైదరాబాద్‌కు కొరియర్ మొదలుపెట్టాలనుకుంటే మొదటి పార్సిల్‌కు ముందే నమోదు కావాలి. అప్పటినుంచి గుంటూరులో అమ్మే సీసా మీదా పన్ను కట్టాలి కాబట్టి ధరలు ఆ మేరకు మళ్లీ లెక్కవేసుకోవాలి.

పేరు సంగతి వేరుగా చూసుకోవాలి. ఉద్యమ్‌లో సంస్థ పేరు రాసినంత మాత్రాన ఆ పేరు మీద హక్కు రాదు, అదే పేరుతో మరొకరూ నమోదు చేసుకోవచ్చు. పేరును కాపాడేది ట్రేడ్‌మార్క్. అక్కడా మళ్లీ వర్గాలే: పచ్చళ్లు 29వ తరగతి, మసాలా పొడులు 30వ తరగతి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో వేసే దరఖాస్తుకు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. డబ్బు ఒక్కదానికే ఉంటే, అమ్మకంలో మూడింట రెండొంతులు పచ్చళ్లవే కాబట్టి ముందు 29వ తరగతికి వేయడం సబబు.